రెండు నెలల జీతం బాకీ: మర్యాద తప్పకుండా గట్టిగా ఎలా రాయాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గుంటూరులో రోడ్లు, కాలువల పనులు చేసే ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో నాలుగేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 22,000. జూన్, జూలై జీతాలు ఇంకా రాలేదు. మధ్యలో జూలై 20న ఖర్చులకని 5,000 ఇచ్చారు. ఆఫీసులో ఏడుగురం ఉన్నాం, ఎవరికీ రాలేదు. అడిగితే ‘బిల్లు పడగానే వేస్తానమ్మా’ అంటారు. కానీ జూలై ఆఖర్లో ఒక బిల్లు పడింది. ఆ ఎంట్రీ వేసింది నేనే. ఆ డబ్బంతా సిమెంటు, స్టీలు వాళ్లకీ, జేసీబీ కిస్తీకీ పోయింది. ఆయన మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. ఇంట్లో బాబాయ్ అంటాను, ఆఫీసులో సార్ అంటాను. వాట్సాప్‌లో నాలుగుసార్లు అడిగాను, వాటి స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. ఈసారి గట్టిగా రాయాలి, కానీ మర్యాద పోకూడదు. రాసి తుడిచేస్తున్నాను, మళ్లీ రాసి మళ్లీ తుడిచేస్తున్నాను. ఏం రాయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు మీ నాలుగు మెసేజ్‌ల గురించి చెప్తాను. మీరు రాయబోయే ఐదోది ఎలా ఉండాలో వాటిని చూస్తేనే తెలుస్తుంది.

మొదటి దాంట్లో ‘సార్, శాలరీ ఎప్పుడు వేస్తారు సార్’ అని రాశారు. దానికి ఆయన ‘చూద్దాం’ అన్నారు. ‘ఎప్పుడు’ అని అడిగితే ‘చూద్దాం’ అనేది సరిపోయే జవాబే. రెండోది ‘కొంచెం ఇబ్బందిగా ఉంది సార్, ప్లీజ్’. దానికి దండం పెట్టే బొమ్మ వచ్చింది. మూడోదానికీ నాలుగోదానికీ జవాబే లేదు. ఈ నాలుగింటిలో ఎక్కడా నెల పేరు లేదు, ఎంత రావాలో లేదు, ఏ తేదీకి కావాలో లేదు. ఇవి చదివినవాళ్లకు మీకు డబ్బు అవసరం ఉందని తెలుస్తుంది. ఆయన మీకు బాకీ ఉన్నారని మాత్రం తెలియదు.

నేను చాలా ఏళ్లు ఒక ప్రైవేటు ఆఫీసులో జీతాల సెక్షన్‌లో పనిచేశాను. అక్కడా రెండు మూడుసార్లు ఇదే పరిస్థితి వచ్చింది. యజమాని టేబుల్ మీదికి అర్జీలు వచ్చేవి. ఇంట్లో కష్టాలన్నీ రెండు పేజీలు రాసినవాళ్ల కాగితం చదివి, ‘పాపం’ అని పక్కన పెట్టేవారు. ఒక డ్రైవర్ మాత్రం నాలుగు లైన్లు రాశాడు: ఏ నెల జీతం, ఎంత, ఏ తేదీలోపు. యజమాని ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చి, ‘ఈ పద్దెనిమిది వేలు ఎప్పటికి సర్దుదాం?’ అని అడిగారు. ఆ డ్రైవర్ మీద ఆయనకు జాలి ఎక్కువేమీ లేదు. అంకె, తేదీ కనబడితే అది తేల్చాల్సిన పని అవుతుంది, అంతే. అకౌంట్స్ చూసేవారు కాబట్టి ఈ తేడా మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. సిమెంటు డీలర్ ‘ఇబ్బందిగా ఉంది సార్’ అని మెసేజ్ పెట్టడు. బాకీ స్టేట్‌మెంట్ పంపుతాడు.

ఇక లెక్క. జూన్ జీతం 22,000లో జూలై 20న తీసుకున్న 5,000 తీసేస్తే 17,000. జూలై జీతం 22,000. మొత్తం 39,000. ఆ ఐదు వేలు మీరే ముందుగా తగ్గించి చూపించండి. లేకపోతే ఆయన నోట వచ్చే మొదటి మాట ‘మొన్న ఇచ్చాను కదమ్మా’ అవుతుంది. అక్కడితో మాట పక్కదారి పడుతుంది. జీతం లేని సెలవులు ఏమైనా ఉంటే అవి కూడా ఇప్పుడే తీసేయండి. మీరు రాసిన అంకెలో ఆయనకు ఒక్క తప్పు కూడా దొరక్కూడదు.

తేదీ దగ్గర మీకు ఒక వెసులుబాటు ఉంది. కొత్త పని కొలతలు ఎం-బుక్‌లో రికార్డయ్యాయో లేదో, ప్రభుత్వం బిల్లులు చెల్లించే సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు ఎక్కడ ఆగిందో మీకు తెలుసు. డబ్బు వచ్చే అవకాశం ఏ వారంలో ఉందో చూసుకుని, దానికి దగ్గరగా ఒక తేదీ పెట్టండి. కానీ మెసేజ్‌లో మాత్రం ‘బిల్లు వచ్చాక’ అని ఎట్టిపరిస్థితుల్లోనూ రాయకండి. అది తేదీ కాదు. బిల్లు అక్టోబరులో పడితే మీ జీతం కూడా అక్టోబరుకే పోతుంది, అదీ మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. క్యాలెండర్ తేదీ ఒకటి రాయండి. మీరు ఆగస్టు 11న రాస్తున్నారనుకుంటే, ఆగస్టు 20 అని పెట్టవచ్చు. తొమ్మిది రోజులంటే డబ్బు సర్దుకోవడానికి సరిపోతుంది, మరిచిపోయేంత దూరమూ కాదు. ‘వెంటనే’ అని రాస్తే మాట గట్టిగా ఉన్నట్టు వినిపిస్తుంది కానీ, ఏ రోజు దాటితే ఆలస్యమో ఎవరికీ తెలియదు.

మీరు తుడిచేస్తూ వచ్చింది బహుశా ఆ బిల్లు డబ్బు సంగతి రాయాలా వద్దా అనే దగ్గరే అయి ఉంటుంది. నా ఉద్దేశంలో రాయకూడదు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో మీకు తెలిసింది మీ ఉద్యోగం వల్ల. ఆఫీసు పద్దుల్లో చూసిన విషయాన్ని మీ సొంత బాకీ కోసం వాడినట్టు ఆయనకు అనిపిస్తే, మాట జీతం మీద నుంచి నమ్మకం మీదికి మళ్లుతుంది. ‘జూలైలో పడిన బిల్లు ఏమైంది’ అన్నారంటే అది నిందే, ఎంత మెత్తగా అన్నా సరే. స్టీలు డీలర్‌కు ఇవ్వకపోతే పని ఆగిపోయేదని ఆయన వాదిస్తారు. అది కొంత నిజం కూడా కావచ్చు. ఆ చర్చ మీకు అనవసరం. మీరు రెండు నెలలు పని చేశారు, 39,000 రావాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది ఆయన చూసుకోవాల్సిన విషయం.

అలాగే ఇంట్లో పరిస్థితి కూడా రాయకండి. అద్దె, పిల్లల ఫీజు, అమ్మ మందులు అన్నీ నిజమే. కానీ కష్టం చెప్పుకున్న మరుక్షణం జీతం సాయంగా మారిపోతుంది. ఆ ఐదు వేలు వచ్చింది కూడా అలాగే కదా. మీరు ఇబ్బంది అన్నారు, ఆయన ‘ఖర్చులకు’ ఇచ్చారు. జీతంగా ఇవ్వలేదు.

పిలుపు సంగతి. మెసేజ్‌లో ‘సార్’ అనే రాయండి. ‘బాబాయ్’ అని రాస్తే కూతురి వరస అమ్మాయి అడిగినట్టు ఉంటుంది, ‘మనలో మనకేంటమ్మా’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. వాక్యానికో ‘సార్’ కూడా అక్కర్లేదు. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చాలు. క్రియల్లో కూడా కొంచెం ఎంపిక ఉంది. ‘ఇప్పించ ప్రార్థన’, ‘దయతలచి’ అంటే అర్జీ అవుతుంది. ‘ఇవ్వండి’ అంటే ఆజ్ఞలా వినబడుతుంది. ‘చెల్లించవలసిందిగా కోరుతున్నాను’ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ‘చెల్లించడం’ అనే మాటలోనే అది బాకీ అని ఉంది, ‘కోరుతున్నాను’లో మర్యాద ఉంది. దానికి ముందు ‘దయచేసి’ కూడా పెట్టనక్కర్లేదు.

మెసేజ్ ఇలా ఉండొచ్చు:

> సార్, నమస్కారం.
>
> జూన్, జూలై నెలల జీతం గురించి రాస్తున్నాను. జూన్ జీతం 22,000లో జూలై 20న 5,000 అందింది. ఇంకా 17,000 రావాలి. జూలై జీతం 22,000 రావాలి. రెండూ కలిపి 39,000.
>
> ఈ మొత్తాన్ని ఆగస్టు 20వ తేదీలోపు నా అకౌంటుకు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఒకేసారి వీలు కాకపోతే, ఏ తేదీన ఎంత ఇవ్వగలరో ఈ మెసేజ్‌కే జవాబుగా తెలియజేయగలరు.
>
> ఆఫీసు పని ఎప్పటిలాగే చూసుకుంటున్నాను. ఈ విషయం మీతో ఒక పది నిమిషాలు నేరుగా మాట్లాడాలని ఉంది. మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పండి సార్.

ఇందులో రెండు వాక్యాల గురించి చెప్పాలి. ‘ఒకేసారి వీలు కాకపోతే’ అన్నది మెత్తదనం కోసం పెట్టింది కాదు. ముందే ‘సగం ఇచ్చినా ఫర్వాలేదు’ అని మీరంటే, బేరం ఆ సగం దగ్గరే మొదలవుతుంది. ఇక్కడ మీరు అడిగింది మొత్తం. విడతలుగా ఇస్తానంటే ఆ విడతలు, తేదీలు చెప్పాల్సింది ఆయన, అదీ రాతలో. ఆయన ‘20న 17, నెలాఖరుకు మిగతాది’ అని ఒక్క ముక్క టైప్ చేసినా మీకు బాకీ ఉన్నట్టు రాసిచ్చినట్టే. ఇక ‘పని ఎప్పటిలాగే చూసుకుంటున్నాను’ అన్నది ఎందుకంటే, అది లేకపోతే యజమానికి వచ్చే మొదటి అనుమానం ‘ఈ అమ్మాయి మానేస్తుందా, పద్దులు ఆపేస్తుందా’ అని. ఆ భయంలో రాసే జవాబు మంచిగా ఉండదు.

పంపే ముందు అది ఏ వారమో చూసుకోండి. శనివారం వద్దు. సైట్‌లో కూలీల బటవాడా ఉండే రోజు ఆయన చేతిలో ఉన్న ప్రతి రూపాయికీ లెక్క చెప్పేసి ఉంటుంది. మంగళవారమో బుధవారమో ఉదయం, ఆయన సైటుకు బయలుదేరక ముందు పంపండి. ఆఫీసు గ్రూపులో పెట్టకండి, ఆయన నంబరుకే పంపండి. అదే మాట ఈమెయిల్‌లో కూడా పంపితే మంచిది. ఫోను పోయినా, పాత చాట్ చెరిగిపోయినా అది నిలుస్తుంది. ముందు ఎదురుగా మాట్లాడాలని మీకు అనిపిస్తే అలాగే చేయండి, కానీ అదే రోజు సాయంత్రం ‘ఇందాక మాట్లాడుకున్నట్టు’ అని మొదలుపెట్టి ఇవే అంకెలు, తేదీతో మెసేజ్ పెట్టండి. నోటిమాట మర్నాటికి ఇద్దరికీ వేర్వేరుగా గుర్తుంటుంది.

నాన్నగారితో చెప్పించడం ఒక దారే. ఫలితం తొందరగా రావచ్చు కూడా. కాకపోతే దానికి రెండు పర్యవసానాలున్నాయి. ఆయన మీ ఒక్కరికే రహస్యంగా సర్దితే, మిగతా ఆరుగురికీ అది తెలియకుండా ఉండదు, ఎందుకంటే జీతాల షీటు తయారు చేసేది మీరే. సర్దకపోతే, ఇద్దరు స్నేహితుల మధ్య మాట పట్టింపు వస్తుంది, ఆ బరువు మీ మీద పడుతుంది. నేనైతే నాన్నగారికి విషయం చెప్పి ఉంచుతాను, ఫోను మాత్రం చేయవద్దంటాను.

ఏడుగురూ కలిసి రాయడం ఇంకో దారి. ఒక్కరే వేలెత్తి చూపినట్టు ఉండదు, ఆయన కూడా ఒకేసారి అందరి గురించీ ఆలోచించక తప్పదు. కాకపోతే ఎవరికి ఎంత రావాలో పట్టిక కచ్చితంగా ఉండాలి. పైగా సంతకం పెట్టిన తర్వాత ఒకరిద్దరు వెనక్కి తగ్గితే మిగతావాళ్లు ఇరుక్కుంటారు. అకౌంటెంట్ కాబట్టి ఆ పట్టిక మీరే రాశారని ఆయన అనుకుంటారు. మీరు ముందు సొంతంగా రాయడమే నయం అనిపిస్తోంది. 20వ తేదీ దాటితే అప్పుడు కలిసి రాయడం గురించి మాట్లాడుకోవచ్చు.

ఆ తేదీ దాటితే రెండో మెసేజ్ మొదటిదానికంటే పొట్టిగా ఉండాలి. చట్టం మాట వచ్చేది ఇక్కడే, అదీ ఒక్క వాక్యంలో:

> సార్, ఆగస్టు 11న రాసిన మెసేజ్‌కు ఇది కొనసాగింపు. 39,000 ఇంకా అందలేదు. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు చెల్లించాలని వేతనాల కోడ్ చెప్తోంది. ఆగస్టు 27లోపు చెల్లించవలసిందిగా మరోసారి కోరుతున్నాను.

2019లో చేసిన ఈ వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నెల జీతగాళ్లకు తర్వాతి నెల ఏడో తేదీలోపు జీతం అందాలన్నది అందులో ఉన్న నియమం. అంటే మీ జూన్ జీతానికి జూలై 7తో, జూలై జీతానికి ఆగస్టు 7తో గడువు అయిపోయింది. అంతకుముందున్న 1936 నాటి చట్టం నెలకు 24,000 వరకు జీతం ఉన్నవాళ్లకే వర్తించేది, కొత్త కోడ్‌లో ఆ పరిమితి లేదు. కాబట్టి మీ ఆఫీసులో మీకంటే ఎక్కువ జీతమున్న సైట్ ఇంజినీర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. కోడ్ కింద బాకీ జీతం కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి మూడేళ్ల గడువు ఉంది. కాబట్టి రేపే పరుగెత్తాల్సిన పని లేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

‘లేకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్తాను’ అని మాత్రం మెసేజ్‌లో రాయకండి. వెళ్లే ఉద్దేశం లేకుండా రాస్తే తర్వాత మీ మాటకు విలువ ఉండదు. వెళ్లాలని నిర్ణయించుకుంటే, చెప్పకుండానే వెళ్లవచ్చు. మీ ప్రాంతం చూసే సహాయ కార్మిక అధికారి దగ్గరికి అపాయింట్‌మెంట్ లెటరు, ఇంతకుముందు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఈ రెండు మెసేజ్‌ల ప్రింటు తీసుకెళ్తే చాలు. అపాయింట్‌మెంట్ లెటరు లేకపోయినా నెలనెలా ఒకే అకౌంటు నుంచి పడిన జీతమే మీ ఉద్యోగానికి సాక్ష్యం. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇస్తుంది. అయితే ఫిర్యాదు చేశాక అదే గదిలో, అదే టేబుల్ దగ్గర కూర్చుని పనిచేయడం కష్టమవుతుంది. ఆ మెట్టు ఎక్కేలోపు బయట ఇంకో ఉద్యోగం చూసుకోవడం మొదలుపెట్టండి. మానేసినవాళ్లకు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని కూడా కోడ్‌లో ఉంది. కానీ ఇప్పుడే రెండు నెలలు ఆగినచోట, మానేశాక అడిగేవాళ్లకు వరసలో చోటు చివరే. అందుకే నన్నడిగితే, రాజీనామా కంటే ముందు ఈ రెండు మెసేజ్‌లూ వెళ్లి ఉండాలి.

మీ చేతిలో ఉన్నాయి కాబట్టి రెండు విషయాలు గట్టిగా చెప్తున్నాను. ట్యాలీ పాస్‌వర్డో, చెక్కుబుక్కో, వోచర్లో జీతం వచ్చేదాకా ఆపి ఉంచాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ క్షణం నుంచి తప్పు మీ వైపుకు వస్తుంది, బాకీ మాట వెనక్కి పోతుంది. రెండోది జీతాల రిజిస్టరు. డబ్బు అకౌంటులో పడకుండా ఆ గడిలో రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టకండి, ఆడిట్‌కు కావాలన్నా సరే. సంతకం పడిందంటే కాగితం మీద మీకు జీతం అందినట్టే. అంతవరకు పద్దుల్లో అది ‘చెల్లించాల్సిన జీతాలు’ కిందే ఉండాలి. జూన్, జూలైలకు ఆ ఎంట్రీలు ఉన్నాయో లేదో రేపు ఒకసారి చూసుకోండి. కొంత ఇచ్చి వోచరు మీద సంతకం పెట్టమంటే, దాని మీద ‘జూన్ జీతం బాకీ కింద’ అని మీ చేత్తో రాసి, ఎంత అందిందో అంతకే పెట్టండి. మళ్లీ ‘ఖర్చులకు’ అనే పేరుతో పోకుండా ఉంటుంది.

డబ్బు పడిన రోజు కూడా ఒక మెసేజ్ పెట్టండి. అనుకుందాం, 20న 17,000 మాత్రమే వచ్చింది. అప్పుడు ఇంతే రాయండి: ‘సార్, జూన్ జీతం బాకీ 17,000 ఈరోజు అందింది. ధన్యవాదాలు. జూలై జీతం 22,000 రావాలి. ఏ తేదీకి వేస్తారో చెప్పండి సార్.’